సున్నా కిందికి దిగిన గీత: లీనియర్ మోడల్, లాజిట్‌లతో నా అనుభవం

చెన్నైలో ఎం.ఏ. ప్రాజెక్టుకు నేను తీసుకున్న ప్రశ్న చిన్నదే. గిండీ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసేవాళ్లలో మెట్రోలో వచ్చేది ఎవరు, రానిది ఎవరు? మెట్రోలో వస్తే 1, రాకపోతే 0. ఇంటికీ దగ్గరి స్టేషన్‌కూ మధ్య దూరం కిలోమీటర్లలో రాసుకున్నాను. ఆ తర్వాత R లో రెండు మోడళ్లూ వేశాను:

```
m1 <- lm(metro ~ dist, data = d)
m2 <- glm(metro ~ dist, family = binomial, data = d)
```

మొదటిది లీనియర్ ప్రాబబిలిటీ మోడల్. పేరు పెద్దదే కానీ, 0, 1 ఉన్న కాలమ్ మీద మామూలు రిగ్రెషన్ వేయడమే. స్థిరాంకం 0.62, దూరం గుణకం −0.11 వచ్చాయి. అంటే దూరం ఒక కిలోమీటరు పెరిగితే మెట్రో ఎక్కే సంభావ్యత 11 శాతం పాయింట్లు తగ్గుతుంది. గణితం తెలియని మా నాన్నగారికి కూడా ఫోనులో ఒక్క వాక్యంలో చెప్పగలిగాను. ఈ మోడల్‌ను జనం వదులుకోలేకపోవడానికి కారణం ఇదే.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఫలితం 0, 1 మాత్రమే అయినప్పుడు వేరియన్స్ p(1−p) అవుతుంది. p సగం దగ్గర ఉంటే అది 0.25, p పదో వంతు అయితే 0.09. అందరికీ ఒకే వేరియన్స్ అనుకుని లెక్కకట్టే మామూలు స్టాండర్డ్ ఎర్రర్లను ఇక్కడ నమ్మలేం. అందుకే వేరియన్స్ మనిషి మనిషికీ మారినా పనిచేసే రోబస్ట్ ఎర్రర్లు వాడాను. అది ఒక్క లైను పని.

రెండోది లాజిట్, సంభావ్యతను ఎప్పుడూ 0, 1 మధ్యే ఉంచే మోడల్. అందులో స్థిరాంకం 0.8, గుణకం −0.6. నా రూమ్మేట్ ఆ −0.6ను ఎక్స్‌పొనెన్షియల్ చేసి 0.55 చూసి, "ఒక్క కిలోమీటరుకే సంభావ్యత 45 శాతం పడిపోతుందా?" అంది. పడిపోయేది సంభావ్యత కాదు, ఆడ్స్, అంటే ఎక్కే సంభావ్యతకూ ఎక్కని సంభావ్యతకూ ఉన్న నిష్పత్తి. ఒక కిలోమీటరు దగ్గర సంభావ్యత 0.55, రెండు కిలోమీటర్ల దగ్గర 0.40. అంటే తగ్గింది 15 పాయింట్లే. అదే 5 నుంచి 6 కిలోమీటర్లకు వెళితే 0.10 నుంచి 0.06కు, నాలుగు పాయింట్లే. లాజిట్ ఫలితాన్ని ఒకే అంకెలో చెప్పలేకపోవడం ఇందుకే. ఎక్కడ నిలబడి అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. దూరంతో పాటు సంభావ్యత మారే వేగాన్ని ఒక్కొక్కరి దగ్గర లెక్కకట్టి, అందరి మీదా సగటు మార్జినల్ ఎఫెక్ట్ తీస్తే −0.11 చుట్టూనే వచ్చింది. లీనియర్ మోడల్ చెప్పిందీ అదే! ఇక చర్చ ఎందుకు, రెండూ ఒకటే కదా అని చాలామంది ఇక్కడితో ఆపేస్తారు.

మా గైడ్ నెల్లూరు మాస్టారు ఆపనివ్వలేదు. "ఏమమ్మా, 8 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు కొత్త స్టేషన్ వచ్చి ఆ దూరం 5 కిలోమీటర్లకు తగ్గిందనుకో. ఎంతమంది పెరుగుతారు?" అన్నారు. లీనియర్ మోడల్ జవాబు మూడు పదకొండ్లు, 33 పాయింట్లు. లాజిట్ జవాబు 2 శాతం నుంచి 10 శాతానికి, అంటే 8 పాయింట్లు. నాలుగింతల తేడా!

కారణం విడదీసి చూస్తే తేలిపోతుంది. 8 కిలోమీటర్ల దగ్గర లీనియర్ అంచనా 0.62 − 0.88, అంటే −0.26. ఆ 33 పాయింట్లలో 26 సున్నా కిందివే, అలాంటి ప్రయాణికులు ఎక్కడా లేరు. మైనస్ అంచనాలను సున్నాగా మార్చేస్తే సరిపోదా అని అడిగాను. "గీత వంపే ఆ దూరపు మనుషుల వల్ల ఏర్పడింది కదా, తర్వాత అంచు కత్తిరిస్తే వంపు మారుతుందా?" అన్నారాయన. నిజమే. అంచనాల్లో ఎన్ని 0, 1 హద్దులు దాటుతున్నాయో ముందే లెక్కపెట్టడం మంచిది. చాలా దాటితే, ఆ గుణకంతో అంచుల దగ్గర లెక్కలు వేయకూడదు.

అలాగని లాజిట్ ఏమీ పుణ్యాత్మురాలు కాదు. ఆఫీసు బస్సు సౌకర్యం ఉందా లేదా అన్న కాలమ్‌ను చేర్చగానే ఆ కాలమ్ గుణకం −18కి పోయింది, దాని స్టాండర్డ్ ఎర్రర్ వేలల్లో ఉంది. కారణం సులభం: నా శాంపిల్లో ఆఫీసు బస్సు ఉన్నవాళ్లలో ఒక్కరూ మెట్రో ఎక్కరు. సంభావ్యత సరిగ్గా సున్నా కావాలంటే లాజిట్ గుణకం మైనస్ అనంతానికి పోవాలి, కంప్యూటర్ అలసిపోయిన చోట −18 దగ్గర ఆగింది. లీనియర్ మోడల్ మాత్రం రెండు గుంపుల తేడా చెప్పి ఊరుకుంది. ఒకే అవును-కాదు కాలమ్ ఉంటే, ఇలాంటి సున్నా లేని చోట రెండు మోడళ్లూ ఇచ్చే సంభావ్యతలు ఒక్కటే. తేడా వచ్చేది దూరంలాంటి సాగే అంకెలు చేరినప్పుడు.

చివరికి ప్రధాన పట్టికలో లీనియర్ మోడల్‌నే ఉంచాను. కొత్త స్టేషన్ ప్రశ్నకు లాజిట్ అంచనాలు ఇచ్చాను, 8 కిలోమీటర్లకు ఒకటి, 5 కిలోమీటర్లకు ఒకటి, విడివిడిగా. వైవాలో ఎగ్జామినర్ మొదట అడిగింది −0.26 గురించే.