గ్రిల్ బోల్టు కోసం వార్డెన్ గారికి ఒక ఉత్తరం

సాయంత్రమంతా ఒక చిన్న ఉత్తరం రాయడానికే సరిపోయింది. మా గది కిటికీ గ్రిల్‌లో చిన్న తలుపులా తెరుచుకునే భాగం ఒకటుంది. గది తలుపు వైపు మంటో పొగో అడ్డుపడితే మేం బయటపడాల్సిన దారి అదే. దాని కింద వసారా పైకప్పు ఉంది కాబట్టి దిగడం కష్టం కాదు. కానీ గడియ ఉండాల్సిన చోట ఎవరో ఎప్పుడో బోల్టు వేసి నట్టు బిగించేశారు. వానలకు తడిసి తడిసి అది తుప్పుతో పట్టేసింది. ఇనుము కన్నా తుప్పు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే బోల్టు మరల సందుల్లో పేరుకుని నట్టును లోపలి నుంచే బిగించేస్తుంది.

స్పానర్ పట్టుకుని మేమే తిప్పేద్దాం అంది రూమ్మేట్. నేను ఒప్పుకోలేదు. అది హాస్టల్ గ్రిల్, పైగా భద్రత కోసం పెట్టింది. బోల్టు సగంలో విరిగితే ఆ రాత్రికి తలుపు ఊడి వేలాడుతుంది. వార్డెన్ మేడమ్‌కి ఆ భయం ఉండటం న్యాయమే. కాబట్టి ఉత్తరంలో "తీయనివ్వండి" అని అడిగితే చాలదు, తీశాక ఏం ఉంటుందో కూడా చెప్పాలి.

ముందు వైర్ బ్రష్‌తో పైపొట్టు రాల్చి, టార్చి వేసి చూశాను. నట్టు మూలలు ఇంకా పదునుగానే ఉన్నాయి, స్పానర్ జారదు. కానీ రెండు ఇనుప పట్టీల మధ్య కనిపించే చోట బోల్టు కాడ సన్నబడిపోయింది. అంటే నట్టు కదలకముందే బోల్టు తెగే అవకాశం ఎక్కువ. అందుకే నట్టు రాకపోతే ఏం చేస్తామో కూడా రాశాను. చివరికి ఉత్తరం ఇలా కుదిరింది:

"వార్డెన్ మేడమ్ గారికి నమస్కారం. మా గది కిటికీ గ్రిల్‌లో అత్యవసర ద్వారం బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పనిముట్టు లేకుండా అది తెరుచుకోదు. దాన్ని తీసి, లోపలి నుంచి చేత్తో తెరవగలిగే గడియ పెట్టించడానికి అనుమతి ఇవ్వగలరు. తీసేది ఆ ఒక్క బోల్టే. గోడకు బిగించిన బోల్టుల జోలికి వెళ్లం. ముందు రోజు రాత్రి తుప్పు వదిలే నూనె వేసి నాననిస్తాం. మర్నాడు పగటిపూట, మెయింటెనెన్స్ అన్న ఎదురుగానే విప్పుతాం. నట్టు రాకపోతే పట్టీల మధ్య హ్యాక్సా బ్లేడుతో కోస్తాం. గ్రైండర్ గానీ మంట గానీ వాడం. కొత్త గడియ చేతికొచ్చాకే పని మొదలుపెడతాం. ఏ కారణం వల్లయినా చీకటి పడేలోగా పూర్తి కాకపోతే, ఆ పట్టీల్లో కొత్త బోల్టు వేసి ఆ రాత్రికి మూసేస్తాం."

గ్రైండర్ వద్దని రాయడానికి కారణముంది. నిప్పురవ్వలు పరుపు మీద పడతాయి, అద్దానికి తగిలితే మచ్చలు పడిపోతాయి. నూనె నానిన చోట అయితే మరీ ప్రమాదం. బ్లేడుతో ఆలస్యమవుతుంది, అంతే.

విప్పేటప్పుడు చేతికి తెలిసే తేడా ఒకటుంది. నట్టు కిర్రుమని కొద్దికొద్దిగా జరిగితే వదులవుతోందన్నమాట. అప్పుడు కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు తిప్పుతూ మధ్యలో నూనె వేస్తూ పోవాలి. అలా కాకుండా స్ప్రింగులా సాగినట్టు మెత్తగా తిరిగితే మరలు కదలడం లేదు, కాడే మెలిపడుతోంది. అక్కడ ఆపేసి బ్లేడు తీసుకోవడం మంచిది. ఒక్కసారిగా తెగితే స్పానర్‌తో సహా చెయ్యి వెళ్లి చువ్వలకు కొట్టుకుంటుంది.

మేడమ్ చదివి వెంటనే ఒకటే అడిగారు. "చేత్తో తెరుచుకునే గడియ అంటే, బయటి నుంచి చువ్వల్లో చెయ్యి పెట్టి కూడా తీసేయొచ్చు కదమ్మా?" వసారా కప్పు మీదికి మనం దిగగలిగితే, ఎవరైనా ఎక్కగలరు కూడా. చాలా సరైన ప్రశ్న. గడియ చుట్టూ బయటి వైపు ఇనుప రేకు బిగిస్తే చెయ్యి అందదని చెప్పాను. తాళం వేద్దామన్నారు. పొగలో తాళంచెవి వెతుక్కోవడం కుదరదు మేడమ్ అన్నాను. కాసేపు ఆలోచించి, రేకు బిగించాకే పాత బోల్టు తీయాలని ఉత్తరం అంచున రాసి సంతకం పెట్టారు. నేను రాసిన వరుస కన్నా అదే మెరుగు. రేకు కొలతలు రేపు పొద్దున తీసుకుంటాం. నూనె వేసేది రేకు బిగించిన రాత్రే.