మంచి బూట్లు వేసుకున్నా గేటు దగ్గర ఎర్ర లైటే: నా అనుభవం

బూట్ల గొడవ ఈ వారమే తేలింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాసేస్తున్నా. నేను మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌ని. ఈమధ్యే సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీకి మారాను. జాయినింగ్, మెడికల్, ఐడీ కార్డు అన్నీ ఇట్టే అయిపోయాయి. స్టోర్స్ వాళ్లు సేఫ్టీ షూస్ అని ఒక జత ఇచ్చారు. బరువుగా, దిట్టంగా ఉన్నాయి. బూటు నాలుక మీద అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్2413 అని, దాని కింద షాకు నుంచి కాపాడే బూటన్న గుర్తు ఈహెచ్ ఉంది. ఎలక్ట్రీషియన్‌కి ఇంకేం కావాలి?

అసెంబ్లీ హాల్లోకి వెళ్లాలంటే గేటు దగ్గర టెస్టర్ దాటాలి. రెండు ఇనుప పలకల మీద రెండు కాళ్లు పెట్టి, చేత్తో ఒక మీట నొక్కాలి. చేతి నుంచి ఒళ్లు, ఒంటి నుంచి సోలు, సోలు నుంచి పలక: ఆ దారిలో నిరోధం ఎంతుందో మిషన్ కొలుస్తుంది. అక్కడ పెట్టిన పై హద్దు 100 మెగా ఓంలు. దాటితే ఎర్ర లైటు, తలుపు తెరుచుకోదు. నాకు రెండు కాళ్లకూ ఎర్ర లైటే వచ్చింది.

వెనక షిఫ్టు జనమంతా క్యూలో ఉన్నారు. సెక్యూరిటీ అతను "చేతులు పొడిగా ఉన్నాయేమో, తడి గుడ్డతో తుడుచుకోండి" అన్నాడు. తుడుచుకున్నా, ఎర్రే. "సోలుకి దుమ్ముందేమో" అన్నాడు. అందరి ముందూ గోడకి ఆనుకుని ఒంటి కాలి మీద నిలబడి సోలు తుడిచా, మళ్లీ ఎర్రే. క్యూలోంచి ఎవరో "కొత్త మిస్త్రీకి కరెంటే ఆనదేమో" అంటే అందరూ నవ్వారు. లైన్ సూపర్‌వైజర్ వచ్చి, టెస్టర్ కూడా దాటలేనివాడు ప్యానెల్ ఏం చూస్తాడని నా ముందే ఫోన్లో ఎవరికో చెప్పాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఎవరిచేతా మాట పడలేదు, బూట్లకోసం పడ్డా.

కొలతలు తెలిసినవాడు అక్కడ ఒక్కడున్నా ఆ తంతు జరిగేది కాదు. మెయింటెనెన్స్‌లోనే ఉన్న ఒకతను తన బూట్లు విప్పి "ఇవి వేసుకుని నిలబడు అన్నా" అన్నాడు. వెంటనే పచ్చ లైటు. అంటే లోపం నా ఒంట్లోనూ లేదు, చేతుల్లోనూ లేదు, టెస్టర్‌లోనూ లేదు. ఎక్కడ తేడా వస్తోందో తెలియాలంటే ఇలా ఒక్కొక్కటే మార్చి చూడాలి. తడి గుడ్డలతో తేలేది కాదు.

అసలు విషయం ఇది. ఈహెచ్ బూటు పని కరెంటుని నేలకి పోనివ్వకపోవడం. దాన్ని 60 హెర్ట్జ్ దగ్గర 18,000 వోల్టులు పెట్టి ఒక నిమిషం పరీక్షిస్తారు. పొడిగా ఉన్నప్పుడు ఒక మిల్లీ ఆంపియర్ కంటే ఎక్కువ లీకు కాకూడదు. బోర్డుల హాల్లో కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. నడిస్తే ఒంట్లో స్టాటిక్ చేరుతుంది. అది మెల్లగా సోలు మీదుగా నేలలోకి దిగిపోవాలి. సుమారు 3,000 వోల్టులు దాటితే గానీ మనకు చిటుక్కుమని తెలియదు. కొన్ని చిప్‌లు 100 వోల్టులకే పాడైపోతాయి. అందుకే అక్కడ నడిచే మనిషి మీద 100 వోల్టులు మించకూడదని ప్రమాణం. ఒకే బూటు కరెంటుని ఆపాలి, అదే బూటు దాన్ని వదలాలి అంటే కుదరదు. అందుకే ఈహెచ్ గుర్తు, స్టాటిక్‌ని నేలకి వదిలే బూటుకుండే ఎస్‌డీ గుర్తు రెండూ ఒకే బూటు మీద కనబడవు.

ఇంత వివరించాక పర్చేజ్ వాళ్లు రెండో జత తెప్పించారు. "యాంటీస్టాటిక్ అడిగావు, ఇవిగో" అన్నారు. యూరప్ ప్రమాణం ప్రకారం ఎస్3 బూట్లవి. గేటు దగ్గర మధ్యాహ్నం పచ్చ, మర్నాడు పొద్దున ఎర్ర. సెక్యూరిటీ అతనికి మళ్లీ నా కాళ్ల మీదే అనుమానం. మీటర్ తెచ్చి కొలిస్తే పొద్దున 300 మెగా ఓంలకి దగ్గరగా చూపించింది. బూటు నాసిరకం అని వాళ్లు తిట్టారు కానీ, బూటు తన మాట నిలబెట్టుకుంది. ఎస్3లో యాంటీస్టాటిక్ అంటే 100 కిలో ఓంల నుంచి 1000 మెగా ఓంల దాకా ఎంతైనా ఉండొచ్చు. గేటు మాత్రం 100 మెగా ఓంల దగ్గరే ఆపేస్తుంది. మధ్యలో ఉన్న ఖాళీలో నా బూటు పడింది. పొద్దున ఏసీ గాలికి సోలు, సాక్సు ఎండిపోయి నిరోధం పెరిగేది. మధ్యాహ్నానికి కాళ్లకు చెమట పట్టి తగ్గేది. యాంటీస్టాటిక్ అన్న మాటని బట్టి కొంటే ఇలాగే అవుతుంది. హాల్లోకి వెళ్లాలంటే స్టాటిక్ నుంచి బోర్డులను కాపాడే ఈఎస్‌డీ గుర్తున్న బూటు కావాలి, 100 మెగా ఓంల లోపు అని కాగితం మీద రాసి ఉండాలి. అమెరికన్ ప్రమాణంలో అయితే ఎస్‌డీ 100 అని ఉంటుంది, అది 1 నుంచి 100 మెగా ఓంల మధ్య. పైగా, సరైన బూటులో మెత్తగా ఉంటుందని బయట కొన్న జెల్ ఇన్‌సోల్ వేసినా మళ్లీ ఎర్ర లైటే. పాదానికి, సోలుకి మధ్య అదొక అడ్డు. క్యూలో నన్ను చూసి నవ్విన ఒకతనికి అదే జరిగింది. ఇన్‌సోల్ తీయమని నేనే చెప్పాను, పచ్చ వచ్చింది. కొంచెం తృప్తిగానే ఉంది.

తర్వాత సేఫ్టీ ఆఫీసర్‌తో గొడవ. "ఈఎస్‌డీ బూట్లు వచ్చాయిగా, ప్యానెల్ పనికీ అవే వేసుకో, రెండు జతలకి సంతకం పెట్టను" అన్నాడు. కాగితం మీద లెక్క వేసి చూపించా. 230 వోల్టులు, సోలు ఒక మెగా ఓం అయితే కాళ్లగుండా పోయేది పావు మిల్లీ ఆంపియర్ కూడా కాదు, తెలియను కూడా తెలియదు. 100 కిలో ఓంలే ఉంటే 2.3 మిల్లీ ఆంపియర్లు, జిల్లుమంటుంది. అదే సోలు తడిసినా, అడుగున ఇనుప ముక్క గుచ్చుకున్నా ఆ నిరోధం ఎంతకి పడిపోతుందో ఎవరు చెప్తారు? యాంటీస్టాటిక్ బూట్లతో వచ్చే కాగితంలోనే ఇవి కరెంటు షాకు నుంచి రక్షణకు హామీ ఇవ్వవని రాసి ఉంటుంది. ఆ పేజీ తీసి టేబుల్ మీద పెట్టాక మాట్లాడలేదు.

ఈహెచ్ ఉంది కదా అని ధైర్యం చేసే కుర్రాళ్లకి కూడా చెప్పాలి. 18,000 వోల్టులు పరీక్ష గదిలోని అంకె. పనిలో అది పొడి నేల మీద, 600 వోల్టుల లోపు, రెండో అడ్డుగా మాత్రమే. తడిసినా, సోలు చీలినా అంతే సంగతులు. ఒక చెయ్యి ఫేజుకి తగిలి, ఇంకో చెయ్యి ప్యానెల్ బాడీ మీద ఉంటే కరెంటు గుండె మీదుగా చేతి నుంచి చేతికి పోతుంది. కాళ్లకి ఏ బూటున్నా ఒకటే. సప్లై ఆపి, తాళం వేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూశాకే చెయ్యి పెట్టాలి.

ఇప్పుడు నా లాకర్‌లో రెండు జతలున్నాయి. హాల్లో మెషిన్ ప్యానెల్ లైవ్‌లో చూడాల్సి వస్తే చుట్టూ ఉన్న బోర్డుల ట్రేలు ముందు అవతలికి తీయిస్తా, అప్పుడు ఈహెచ్ వేసుకుంటా. ట్రేలు తీయించడానికి రాతపూర్వకంగా అడగాలట, ఆ ఫారం కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నా.