స్పానిష్ ‘ర్ర’ మనకు గొర్రెలోనే ఉంది

స్పానిష్ మొదలుపెట్టే ముందు నేను చూసిన ఉచ్చారణ వీడియోలన్నీ ఇంగ్లీషువాళ్ల కోసం చేసినవే. నాలుక ఆడించే ‘ర’ కోసం వాళ్లు పడే తంటాలు చూసి నాకూ టెన్షన్ పట్టుకుంది. తీరా చూస్తే, ‘పెరో’ అంటే కానీ, ‘పెర్రో’ అంటే కుక్క. కర, కర్ర తేడాగా పలికే నోటికి ఇదేం కొత్త? గొర్రె, బుర్ర అన్నప్పుడు నాలుక కొస పైపళ్ల వెనక చిగురు మీద టపటపా కొట్టుకుంటుంది. స్పానిష్‌కు కావలసిందీ అదే.

చిక్కల్లా మాట మొదట్లో వచ్చింది. ‘ర’తో మొదలయ్యే స్పానిష్ మాటలో అక్షరం ఒక్కటే రాసినా ‘ర్ర’ అనే పలకాలి. తెలుగులో ‘ర్ర’తో మాట మొదలవదు కాబట్టి, ఎరుపు అనే అర్థమున్న ‘రోహో’లో నా నాలుక ఒక్క దెబ్బతో ఆగిపోయేది. మా టీచర్ ముందు ఓ అచ్చు తగిలించమన్నారు. ‘ఎర్రోహో’ అని చాలాసార్లు అని, ‘ఎ’ని మెల్లగా తగ్గిస్తూ చివరికి మనసులోనే అనుకుని వదిలేశాను. నాలుక బిగిస్తే మాత్రం రాదు. దాన్ని వదులుగా ఉంచి ఊపిరి గట్టిగా తోయాలి.

అందులోని ‘హో’ మరో కథ. రాయడానికి వేరే అక్షరం లేక అలా రాశాను గానీ, స్పెయిన్ మధ్య, ఉత్తర ప్రాంతాల్లో అది మన ‘హ’ కాదు, గొంతు దగ్గర గరగరలాడే శబ్దం. పోనీ అని ‘ఖ’ అంటే అదీ తప్పే. మన ‘ఖ’లో నాలుక వెనక భాగం అంగిలిని తాకి విడుస్తుంది. ఇక్కడ తాకకూడదు, సందులోంచి గాలి రాసుకుంటూ పోవాలి. ఊపిరి ఉన్నంతసేపూ సాగదీయగలిగితే సరిగ్గా వచ్చినట్టు. హైదరాబాద్‌లో ఉర్దూవాళ్లు ‘ఖుదా హాఫిజ్’ అనడం వింటే రెండూ ఒకేచోట దొరుకుతాయి: ‘ఖు’లో ఉన్నది స్పానిష్ శబ్దానికి దగ్గర, ‘హా’లో ఉన్నది మన హ. క్యూబా లాంటి చోట్ల మెత్తటి ‘హ’ చాలు, అక్కడివాళ్లతోనే మాట్లాడేవాళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదు.

అచ్చులు ఐదే కదా అని తేలిగ్గా తీసుకున్నాను. కానీ మనం మాట మొదట్లోని ‘ఎ’ని ‘యె’గా, ‘ఒ’ని ‘వొ’గా పలుకుతాం. తెలుగులో దాన్నెవరూ పట్టించుకోరు. స్పానిష్‌లో ‘ఎసో’ అంటే అది, ‘యెసో’ అంటే గోడలకు పూసే జిప్సం. ఎనిమిదికి ‘ఓచో’ అనాల్సిన చోట నాకు ‘వోచో’ వచ్చేది. దీనికీ ముందు ఏదో ఒకటి తగిలించే ఉపాయమే పనిచేసింది. ‘పొర్ ఎసో’ (అందుకే) అనే మాటను ‘పొరెసో’ అని కలిపి పలికితే ‘య’ దూరడానికి చోటుండదు. అలా అలవాటయ్యాక ‘పొర్’ తీసేశాను.