కార్న్ ఫ్లేక్స్‌లో బార్లీ

ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా నా హిమోగ్లోబిన్ పెరగలేదు. తిన్నది ఒంటపట్టడం లేదేమోనని డాక్టరు గారికి అనుమానం వచ్చి టీటీజీ యాంటీబాడీ రక్తపరీక్ష, తర్వాత ఎండోస్కోపీ చేయించారు. సీలియాక్ అనే జబ్బని తేలింది. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళ్తే నా శరీరమే నా చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం అన్నారు.

బ్రెడ్డు, బిస్కెట్లు మానడం అంత కష్టం కాలేదు. టెన్షన్ అంతా గోధుమ కనిపించని ప్యాకెట్లతోనే.

కార్న్ ఫ్లేక్స్ సంగతే తీసుకోండి. మొక్కజొన్న మాకు హాని చెయ్యదు. డబ్బా మీద గోధుమ లేదని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటే అదీ నిజమే కావచ్చు. కానీ వెనక పదార్థాల జాబితాలో మొక్కజొన్న, పంచదార, ఉప్పు దాటాక చాలా బ్రాండ్లలో మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉంటుంది. మాల్ట్ అంటే మామూలుగా మొలకెత్తించిన బార్లీ. రుచి కోసం కొంచెమే వేస్తారు, కానీ రోజూ తింటే ఆ కొంచెమే చాలు. అలెర్జీ హెచ్చరిక లైనులోనూ ఇది దొరక్కపోవచ్చు. కొన్ని దేశాల్లో అక్కడ గోధుమ పేరు రాయడమే తప్పనిసరి, బార్లీ పేరు కాదు.

అందుకే మా డైటీషియన్ ముందు 'గ్లూటెన్ ఫ్రీ' అన్న మాట వెతకమంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం అలా రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఓట్స్ అయితే ఆ మాట లేకుండా కొననే వద్దంది. పొలంలోనో మిల్లులోనో గోధుమ, బార్లీ గింజలు వాటిలో కలిసిపోతుంటాయట. మిగతా వాటికి ఆ మాట లేకపోతే జాబితా మొత్తం, బ్రాకెట్లలో ఉన్నవాటితో సహా చదవాలి. సోయా సాస్ దొరికేది అక్కడే. సోయాతో పాటు గోధుమ కూడా వేసి పులియబెట్టడం మామూలు కాబట్టి, సాస్ పూసిన వేయించిన గింజల ప్యాకెట్ కూడా నాకు పనికిరాకపోవచ్చు.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. గోధుమ నుంచి తీసిన గ్లూకోజ్ సిరప్ అని చూసి నేను చాక్లెట్ వెనక్కి పెట్టబోతే డైటీషియన్ ఆపింది. ఆ సిరప్ తయారీలో ప్రొటీన్ దాదాపు పూర్తిగా పోతుంది, తినొచ్చు అంది. అదే హైడ్రోలైజ్డ్ వీట్ ప్రొటీన్ అని ఉంటే మాత్రం వద్దు, అది గోధుమ ప్రొటీనే.

ఇంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారనుకుని వేస్తారో తెలీదు. నేను ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసుకుంటాను. యాంటీబాడీలు నెమ్మదిగా తగ్గి మామూలు స్థాయికి వచ్చాయి, హిమోగ్లోబిన్ కూడా పెరిగింది. అలవాటైన బ్రాండే అయినా కొత్త ప్యాకెట్ కొన్నప్పుడల్లా జాబితా మళ్లీ చదువుతున్నాను, ఎందుకంటే ప్యాకెట్ రంగు మారకుండానే లోపల వేసేవి మారుతుంటాయి.