ఏరేసిన గింజ ఎంత?

మన బడిలో చదివి సొంతంగా ఏదైనా నిలబెట్టినవాళ్ల గురించి రాయమని సంచికవాళ్లు అడిగితే, అనంతపురం పక్కన చెక్క గానుగ నూనె తీసే మన సీనియర్ అక్క చేసిన ఒక ప్రసంగం గురించి రాయాలనిపించింది. ఆమె బ్రాండుకు పదేళ్లు నిండిన రోజు అది. గానుగలు ఆపేసి, నూనె డబ్బాల మధ్యే చాప పరిచి, పనివాళ్లనందరినీ కూర్చోబెట్టారు. కేకూ లేదు, శాలువాలూ లేవు. అక్క చేతిలో మొట్టమొదటి సీసాకు అతికించిన లేబుల్ ఉంది. నూనె పీల్చుకుని, ఒక మూల వెనకున్న వేళ్లు కనబడేంత పల్చబడిపోయింది. దాని మీద మూడే ముక్కలు: చేత్తో ఏరిన గింజ. చెక్క గానుగ. ఇంకేమీ కలపలేదు.

చివరి ముక్క గురించి ఆమె ఎక్కువ మాట్లాడలేదు. బోర్డు మీద లెక్క వేసి చూపించారు. వంద కిలోల చెనక్కాయ విత్తనాలు ఆడితే నలభై కిలోల నూనె, నూనె తీశాక మిగిలే పిప్పి, అంటే చెక్క, అటూ ఇటూగా యాభై ఎనిమిది కిలోలు. నలభై కిలోలంటే సుమారు నలభై నాలుగు లీటర్లు. లెక్క కోసం విత్తనాలు కిలో 120 రూపాయలు అనుకుంటే పెట్టుబడి 12,000. చెక్క కిలో 40కి అమ్ముడుపోతే 2,320 వెనక్కి వస్తుంది. మిగిలిన 9,680ని నలభై నాలుగుతో భాగిస్తే లీటరుకు 220. కూలి, కరెంటు, సీసా ఇంకా కలపనే లేదు. "ఇప్పుడు చెప్పండప్పా, ఆ విత్తనాలతోనే ఎవరన్నా 180కి గానుగ నూనె ఇస్తా ఉంటే ఆ సీసాలో ఏముంటుందో" అన్నారు. కుర్రాళ్లు నవ్వారు. అక్కడితో ఆ మాట వదిలేశారు.

రెండోది కూడా తొందరగానే అయిపోయింది. గానుగ నిమిషానికి పద్నాలుగు చుట్లు మించకూడదని మొదట్లో పెట్టుకున్న నియమం. ఆర్డర్లు పెరిగాక పుల్లీ మార్చి వేగం పెంచుదామని ఎవరో అన్నారట. వేగం పెరిగితే రోకలి రాపిడికి ముద్ద వేడెక్కుతుంది. వేడి చేయకుండా తీసిన నూనె అని చెప్పుకునే మనిషి పుల్లీ మార్చడమంటే మాట మార్చడమేనని పెద్ద మిస్త్రీ వైపు చూసి అన్నారు. ఆయన తల ఊపాడు.

అసలు ప్రసంగమంతా మొదటి ముక్క మీదే. అందుకు కారణముంది. మన జిల్లాలో చెనక్కాయ జూన్, జులైలో విత్తుతారు, పైరు వాననే నమ్ముకుని ఉంటుంది. కాయ గింజ పట్టే వేళకు వాన మొహం చాటేస్తే నేల వేడెక్కి, ఎండకు బెట్టబారిన మొక్క కాయల్లోకి ఆస్పర్‌జిల్లస్ అనే బూజు చొరబడుతుంది. అది వదిలే విషమే అఫ్లటాక్సిన్, కాలేయానికి చేటు. పీకిన కాయలు సరిగా ఎండకపోయినా ఇదే గొడవ. ఇంకొకటి బయటివాళ్లకు తెలియదు: కాయలు మిషన్‌లో కొట్టేటప్పుడు గింజ విరగకుండా కొందరు పైన నీళ్లు చల్లుతారు. తూకమూ పెరుగుతుంది. ఆ తేమతో బస్తా కట్టి పెడితే లోపల బూజుకు పండగే.

రిఫైన్డ్ నూనెలో క్షారంతో, తర్వాత మట్టితో శుద్ధి చేసేటప్పుడు ఈ విషం చాలావరకు పోతుంది. గానుగ నూనెలో ఆ దశలే లేవు. గింజలో ఉన్నది ఎక్కువగా చెక్కలోకి పోయినా, కొంత నూనెలోకి, మడ్డిలోకి దిగుతుంది. మన నూనెకు రిఫైనరీ ఏదంటే, ఆ ఏరే బల్లే అన్నారు అక్క. నాకు ఆ ప్రసంగంలో అన్నిటికన్నా బాగా పట్టుకున్న మాట అదే.

చేత్తో ఏరడం వల్ల నిజంగా లాభముందా అంటే ఉంది. ఈ విషం బస్తా అంతా సమానంగా పరుచుకుని ఉండదు, కొద్దిపాటి గింజల్లోనే కుప్పగా ఉంటుంది. ముడుతలు పడినవి, రంగు మారినవి, పొట్టు చిట్లినవి, పచ్చటి బూజు పట్టినవి, పురుగు తొలిచినవి తీసేస్తే భారం చాలా తగ్గుతుంది. పైకి బాగున్నా విడదీస్తే రెండు బద్దల మధ్య పసుపు, గోధుమ రంగు కనిపించే గింజలుంటాయి, వాటిని కన్ను పట్టలేదు. అందుకే ల్యాబుకు కూడా పంపాలి. పంపేటప్పుడు పైబస్తాలోంచి గుప్పెడు తీస్తే ఆ పరీక్ష దండగ. అన్ని బస్తాల్లోంచీ కొంచెం కొంచెం తీసి, కలిపి, మొత్తం పొడి కొట్టి దాంట్లోంచి తీయాలి.

ఇదంతా చెప్పి అక్క రిజిస్టర్ తెరిచారు. మొదటి ఏడాది ఒక మనిషి రోజుకు రెండు బస్తాలు ఏరేది, అంటే వంద కిలోలు. బస్తాకు రెండు కిలోలకు తక్కువ కాకుండా చెత్త గింజ వచ్చేది. పోయిన నెల పేజీలో మనిషికి నాలుగు బస్తాలు, చెత్త బస్తాకు అరకిలో. సూపర్‌వైజర్ దాన్ని మంచి వార్తగానే రాసిపెట్టాడు: పని రెట్టింపైంది, నష్టం తగ్గింది. "ఈ సంవత్సరం వాన ఎట్లా ఉండిందో మీకు నేను చెప్పాల్నా?" అని అడిగారు. "ఎండిన ఏడాదిలో చెత్త తగ్గిందంటే కాయ బాగుందని కాదు నాయనా, చూపు తగ్గిందని. వదినా, తప్పు మీది కాదు. బస్తాకింతని కూలి కట్టింది నేనే కదా. బస్తాకు డబ్బులిస్తే బస్తాలే వస్తాయి."

ఆ చెత్త గింజ ఎక్కడికి పోతోందని కూడా అడిగారు. మొదట్లో కాల్చేసేవాళ్లు. ఈమధ్య గోతాల్లో కట్టి ఒక మూల పెడుతున్నారు, ఎవరో వచ్చి కొనుక్కుపోతున్నారు. కొన్నవాడు దాన్ని పారబోయడానికి కొనడు. ఇంకో గానుగలో ఆడితే అది ఇంకొకరి పోపు గిన్నెలోకి పోతుంది. చెక్కతో కలిపి పశువులకు పెడితే ఆ విషం రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. పాలకు అందుకే వేరే పరిమితి ఉంది, లీటరు లెక్కన చూస్తే అర మైక్రోగ్రామే. "మన సీసాలోకి రాకుండా చేసి, పక్కింటి పిల్లోడి గ్లాసులోకి పంపినట్లాయె" అన్నారు. షెడ్డులో చడీచప్పుడు లేదు.

చివర్లో సీసా నింపే కుర్రాళ్లకు ఒక మాట. మన తొమ్మిదో తరగతి సాంద్రత పాఠం గుర్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు. నూనె వేడికి ఉబ్బుతుంది. జనవరి ఉదయం కొలతతో నింపిన లీటరుకూ మే మధ్యాహ్నం షెడ్డులో నింపిన లీటరుకూ పదమూడు, పద్నాలుగు గ్రాముల తేడా వస్తుంది. కాబట్టి కొలపాత్రతో కాదు, కాటా మీదే నింపాలి. 910 గ్రాములని లేబుల్ మీద వేశాక సీసా బరువు తీసేసి అంత తూగాల్సిందే.

భోజనాలయ్యాక ఒక పాత బస్తానే మళ్లీ బల్ల మీద పోశారు, ఏరినదని రాసి ఉన్న బస్తా. తొందర లేకుండా ఏరితే మరో కిలో ఆరు వందల గ్రాములు వచ్చింది. అక్క బోర్డు మీద "మనిషికి బస్తాలు" అన్న గడి తుడిచేసి, అక్కడ "బస్తాకు తీసేసిన గింజ" అని రాశారు. కూలి ఇకనుంచి రోజుకు. మూలనున్న గోతాలను పొయ్యి దగ్గరకు మోసుకుపోతుంటే సూపర్‌వైజర్ ఒక్కో గోతాం తూచి రిజిస్టర్లో ఎక్కిస్తున్నాడు.