లింక్ తీసేశాను, అక్క స్కానింగ్ మాత్రం వాళ్ళ తెర మీదే ఉండిపోయింది

సోమవారం ఉదయం మా టీమ్‌లో ఒకాయన నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి "కంగ్రాట్స్ అండీ, ఇంట్లో శుభవార్త అంట కదా" అన్నారు. నాకేం అర్థం కాలేదు. "స్కానింగ్ ఉందిగా రేపు, పదిన్నరకి. మీ వరసలో కనిపించింది" అన్నారు. ఆ స్కానింగ్ మా అక్కది. మూడో నెల. మా అమ్మకు కూడా ఇంకా చెప్పలేదు. అలాంటిది మా ఆఫీసులో పదకొండు మంది చూసేశారు.

ఆ రోజు నుంచి శుక్రవారం దాకా ఈ ఒక్క పని మీదే కూర్చున్నాను. నిన్ననే అయింది. మరిచిపోకముందే రాసేస్తున్నాను.

మేం మీటింగ్ టైములు కుదుర్చుకోడానికి ఒక యాప్ వాడతాం. ఎవరు ఎప్పుడు ఖాళీయో అందులో కనిపిస్తుంది. ఎనిమిది నెలల క్రితం అందులో చేరాను. గూగుల్ అకౌంట్‌తో లాగిన్, క్యాలెండర్ లింక్ చెయ్యి, అనుమతించు. రెండు నిమిషాల పని, అప్పుడేమీ అనిపించలేదు.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి చూస్తే, ఆ అనుమతి తెర మీద ఒక వాక్యం ఉంది. నా క్యాలెండర్ చూస్తామని కాదు, "See and download any calendar you can access using your Google Calendar" అని. అంటే నేను తెరవగలిగే ప్రతి క్యాలెండర్‌నీ చూడటమే కాదు, దింపుకోవచ్చు కూడా. మా అక్క తన క్యాలెండర్ నాతో పంచుకుంది, ఆసుపత్రికి తోడు వెళ్ళేది నేనే కాబట్టి. నేను తెరవగలను కనుక అదీ ఆ అనుమతిలోకి వచ్చేసింది. ఆ యాప్‌కి అక్క ఎప్పుడూ ఏ అనుమతీ ఇవ్వలేదు. ఇచ్చింది నేను, నాకు తెలియకుండా.

అనుమతులకు తెర వెనక పేర్లుంటాయి. ఈ యాప్ అడిగినది ఇది:

```
https://www.googleapis.com/auth/calendar.readonly
```

ఖాళీయా కాదా అన్నది మాత్రమే తెలుసుకోడానికి వేరే అనుమతి ఉంది:

```
https://www.googleapis.com/auth/calendar.freebusy
```

మీటింగ్ టైము కుదర్చడానికి రెండోది చాలు. అందులో పేర్లు రావు, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా బిజీ అన్న ముక్క ఒక్కటే వస్తుంది. మొదటిది ఎందుకు అడిగారని రాస్తే జవాబు రాలేదు. నా కోపం అక్కడే. అవసరానికి మించి అడిగి, దాని మీద "వివరాలు టీమ్‌కి చూపించు" అనే స్విచ్‌ని ముందే వేసి ఉంచారు.

సోమవారం కంగారులో మొదట చేసిన పని గూగుల్ పాస్‌వర్డ్ మార్చడం. మీలో చాలామందికీ మొదట అదే తడుతుంది. కానీ ఈ లింక్‌కి దానితో సంబంధం లేదు. యాప్ దగ్గర మన పాస్‌వర్డ్ ఎప్పుడూ ఉండదు. మనం అనుమతించినప్పుడు గూగుల్ దానికి టోకెన్లు ఇస్తుంది. ఒకటి సుమారు గంటసేపు పనిచేస్తుంది. రెండోది ఆ గంట అయిపోయాక కొత్తది తెచ్చుకోడానికి, చాలాకాలం బతికుంటుంది. పాస్‌వర్డ్ మారిస్తే, మెయిల్ చదివే అనుమతి కూడా ఉన్న టోకెన్లు చచ్చిపోతాయి. క్యాలెండర్ ఒక్కటే అయితే దానికి ఏమీ కాదు. మార్చిన గంట తర్వాత కూడా నేను వేసిన కొత్త పని టీమ్ తెర మీద వచ్చేసింది.

తర్వాత `myaccount.google.com/connections` కి వెళ్ళి, ఆ యాప్ పేరు నొక్కి, కనెక్షన్లన్నీ తొలగించాను. హమ్మయ్య అనుకున్నాను. పక్కనున్న ఆయన ల్యాప్‌టాప్‌లో చూస్తే స్కానింగ్ అలాగే ఉంది.

పేజీ పాతదేమో అని రీఫ్రెష్ చేయించాను. ఉంది. నా ఫోన్‌లో యాప్ తెరిచాను. నేనింకా లాగిన్‌లోనే ఉన్నాను! లింక్ తీసేశాక కూడా. ఎందుకంటే గూగుల్ తలుపు దగ్గర నన్ను గుర్తుపట్టి లోపలికి పంపేదాకే దాని పని. లోపలికొచ్చాక యాప్ తన సొంత లాగిన్ గుర్తు ఫోన్‌లో పెట్టుకుంటుంది. గూగుల్‌లో తెంపితే అది దానంతట అది పోవాలని లేదు.

అసలు లింక్ తెగిందా లేదా అని అనుమానం వచ్చి ఒక చిన్న పరీక్ష చేశాను. మంగళవారం సాయంత్రం 4 గంటలకు "పరీక్ష" అని నా క్యాలెండర్‌లో ఒక పని వేశాను. రెండు గంటలు ఆగాను. టీమ్ తెర మీద అది రాలేదు. అంటే లింక్ తెగింది. పాతవి మాత్రం ఉన్నాయి. ఈ పరీక్ష మీరూ చేయండి, ఎందుకంటే కొత్తవి రావడం ఆగడం వేరు, పాతవి పోవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే నాకు ఒక రోజు పోయింది.

ఇక అక్కకి ఫోన్ చేయక తప్పలేదు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నేను నీకు చూపించాను కదరా, వాళ్ళకి కాదు కదా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. తను వెంటనే తన క్యాలెండర్‌లోంచి స్కానింగ్ తీసేసింది.

టీమ్ తెర మీద అది కదల్లేదు.

అప్పుడు తెలిసింది నేను చేసిన అసలు తప్పు. లింక్ ఉన్నంతకాలం అక్క ఏదైనా తీసేస్తే, తర్వాతి సింక్‌లో యాప్ కాపీలోంచి కూడా పోయేది. నేను తొందరపడి లింక్ తెంపాను కాబట్టి "ఇది తీసేశారు" అన్న వార్త యాప్‌కి చేరే దారే లేదు. చివరి సింక్‌లో ఎలా ఉందో అలాగే గడ్డకట్టిపోయింది. సోమవారం నేను ముందు అక్కకి ఫోన్ చేసి, తను తీసేశాక, ఆ పక్క పోయిందని చూసుకుని, అప్పుడు తెంపి ఉంటే సగం గోల ఉండేది కాదు.

యాప్ వాళ్ళకు రాశాను. జవాబు: "మీ క్యాలెండర్‌తో మాకు ఇప్పుడు కనెక్షన్ లేదు, సమస్య పరిష్కారమైంది." నేను అడిగింది కనెక్షన్ గురించి కాదు, కాపీ గురించి. మళ్ళీ రాశాను. ఈసారి, సెట్టింగ్స్‌లో క్యాలెండర్ పేజీకి వెళ్ళి దింపుకున్న ఈవెంట్లు తొలగించమన్నారు. వెళ్ళాను. ఆ పేజీలో "కనెక్ట్ చేయండి" అనే ఒక్క బటన్ తప్ప ఏమీ లేదు. మూడో మెయిల్‌కి వచ్చిన జవాబు చదివి ఐదు నిమిషాలు అలా కూర్చుండిపోయాను. తొలగించే బటన్ కనెక్ట్ అయి ఉన్నప్పుడే కనిపిస్తుందట. అంటే నా వివరాలు తీసేయించుకోవాలంటే, అదే వివరాలు చూసే అనుమతి మళ్ళీ ఇవ్వాలి.

వేరే దారి లేదు. కానీ ఈసారి తలుపు తెరిచేముందు ఇల్లు సర్దుకున్నాను. అక్క తన క్యాలెండర్ సెట్టింగ్స్‌లో పంచుకున్న వాళ్ళ జాబితాలోంచి నన్ను తీసేసింది. ఈ పని తనే చేయాలి. నా వైపు జాబితాలోంచి నేను తీసేసుకుంటే నాకు కనిపించడం మానేస్తుంది తప్ప, తనిచ్చిన హక్కు అలాగే ఉండొచ్చు. ఆ క్యాలెండర్ నా దగ్గర తెరుచుకోవట్లేదని చూసుకున్నాక, యాప్‌లో మళ్ళీ లింక్ చేశాను. అనుమతి తెర మీద అదే పాత వాక్యం. గుండె రాయి చేసుకుని నొక్కాను.

సింక్ అయింది. తెరవగలిగిన క్యాలెండర్లలో అక్కది లేదు కాబట్టి దాని ఈవెంట్లన్నీ ఒకేసారి మాయమయ్యాయి, స్కానింగ్‌తో సహా. పక్కాయన ల్యాప్‌టాప్‌లో కూడా చూశాను. ఆ తర్వాత యాప్ లోపలినుంచే డిస్కనెక్ట్ నొక్కాను, "దింపుకున్న ఈవెంట్లు కూడా తొలగించు" అన్న చిన్న గడిలో టిక్ పెట్టి. ఆ గడి ముందుగా ఖాళీగా ఉంటుంది. నేను కిందకి జరిపి చూడకపోతే మళ్ళీ మొదటికొచ్చేవాణ్ణి. చివరికి గూగుల్ పేజీకి వెళ్ళి అక్కడా తొలగించాను. ముందు యాప్ లోపల, తర్వాత గూగుల్ దగ్గర. ఈ వరస తిరగేస్తే నాకైనట్టే మీకూ అవుతుంది.

టీమ్ వాళ్ళతో పని ఉంది కాబట్టి యాప్‌లోకి మళ్ళీ గూగుల్‌తోనే లాగిన్ అయ్యాను. కొత్త ఖాళీ అకౌంట్ తెరుచుకుంటుందేమో అని భయపడ్డాను, తెరుచుకోలేదు. గూగుల్ ప్రతి మనిషికీ మారని ఒక నంబర్ ఇస్తుంది, లింక్ తెంపి మళ్ళీ వచ్చినా అదే నంబర్, అందుకని యాప్ నన్ను పాత మనిషిగానే గుర్తుపట్టింది. ఈసారి అడిగింది నా పేరు, మెయిల్, ఫొటో మాత్రమే. లాగిన్‌కి అంతే కావాలి. లాగిన్ అవ్వడానికి క్యాలెండర్ ఇవ్వక్కర్లేదని నాకు ఎనిమిది నెలల క్రితం తెలియదు. ఇప్పుడు నా ఖాళీ టైములు చేత్తో వేసుకుంటున్నాను, వారానికి నాలుగు నిమిషాలు పడుతోంది.

వాళ్ళ బ్యాకప్‌లలో ఉన్న కాపీల సంగతి ఇంకా తేలలేదు. ఎప్పటిలోగా చెరుపుతారో రాతపూర్వకంగా చెప్పమని నాలుగో మెయిల్ పెట్టాను. టీమ్‌లో పదకొండు మందితోనూ విడివిడిగా మాట్లాడి, ఆ విషయం బయట ఎక్కడా అనొద్దని అడిగాను. అందరూ సరేనన్నారు, ఇద్దరు క్షమాపణ కూడా చెప్పారు, తప్పు వాళ్ళది కాకపోయినా.

రాత్రి అక్క మళ్ళీ తన క్యాలెండర్ నాతో పంచుకుంది. ఈసారి "See only free/busy (hide details)" ఎంచుకుంది. ఇప్పుడు నాకు తన వచ్చే స్కానింగ్ "బిజీ" అనే బూడిద రంగు గడిలా కనిపిస్తోంది. అది దేనికో ఫోన్ చేసి చెప్పింది.