ఒకే గుత్తి వంకాయ కూర: జొన్న రొట్టెకు, పుల్కాకు, అన్నానికి

కూరకు తగిన జత ఏదన్న విషయంపై కొంతకాలంగా నేను రాసుకుంటున్న వివరాలలో ఈ విడత గుత్తి వంకాయ కూరకే పరిమితమైంది. వేరుశనగ, నువ్వులు, ఎండుకొబ్బరి, చింతపండు కలిసిన ఈ మసాలా రొట్టెకూ, అన్నానికీ కూడా పనికివస్తుంది కనుక, కూరను మార్చకుండా జతను మార్చినప్పుడు ఏమేమి సవరించవలసి వస్తుందో దీని ద్వారా బాగా తెలుస్తుంది. ఇప్పటికి నేను చేరుకున్న అభిప్రాయం ఏమిటంటే, భోజనం కుదరడానికి ముందుగా సరిచూడవలసినవి కూరలోని నీరు, ఉప్పు. పక్కన ఏమి వడ్డించాలన్నది ఆ తరువాతే ఆలోచించాలి.

ప్రతిసారీ ఒకే కొలతతో మొదలుపెడుతున్నాను. 400 గ్రాముల లేత గుండ్రని వంకాయలకు వేరుశనగ గుళ్లు 3 పెద్ద చెంచాలు, నువ్వులు 2 పెద్ద చెంచాలు, ఎండుకొబ్బరి తురుము 2 పెద్ద చెంచాలు, ధనియాలు 2 చిన్న చెంచాలు, జీలకర్ర అర చెంచా తీసుకుని, వేటికవి విడిగా వేయిస్తాను. నువ్వులు చిటపటలాడిన వెంటనే దించకపోతే మసాలా అంతటికీ చేదు పడుతుంది. వీటిని 5 వెల్లుల్లి రెబ్బలు, చెంచాన్నర కారం, చెంచా ఉప్పు, చిన్న నిమ్మకాయంత చింతపండు నుంచి తీసిన చిక్కటి పులుసుతో కలిపి మెత్తగా నూరి, నాలుగు పక్షాలుగా చీల్చిన కాయల్లో కూరుతాను. 4 పెద్ద చెంచాల నూనెలో మూతపెట్టి, సన్నని సెగ మీద కాయలు మెత్తబడే వరకు మగ్గించి, మిగిలిన మసాలా వేసి వేయిస్తాను. ఇక్కడి వరకు జత ఏదైనా పద్ధతి ఒకటే. పోయవలసిన నీటి దగ్గర దారులు విడిపోతాయి.

జొన్న రొట్టెకు అర గ్లాసు నీరు చాలు. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగురు లేదు; మరిగే నీటితో కలిపినప్పుడు పిండిలోని గంజి కొంత ఉడికి ముద్దను పట్టి ఉంచుతుంది, అంతే. అందుచేత రొట్టె ముక్క కూర చుట్టూ మడతపడి నిలవదు, నోట్లో పొడిగా తగులుతుంది, తడిని త్వరగా పీల్చుకుంటుంది. దానికి కావలసిన మెత్తదనాన్ని కూరలోని నూనె, గుజ్జు అందించాలి. నూనెను 2 చెంచాలకు తగ్గించి చేసిన కూర పుల్కాతో బాగానే ఉంది కాని, జొన్న రొట్టెతో గొంతు పట్టినట్లయింది. నీరు ఎక్కువైతే ముక్క నానిపోయి చేతిలోనే విడిపోతుంది. సరైన చిక్కదనం తెలుసుకోవడానికి నేను వాడే పరీక్ష చాలా సులువు: కూర గుజ్జును పళ్లెంలో పరిచి, చెంచాతో మధ్యలో గీత గీసి, పళ్లేన్ని కొంచెం వంచి చూస్తాను. గీత అలాగే నిలిచి, దాని అంచుల వెంట నూనె మాత్రం జారితే రొట్టెకు సరిపోయినట్లే. అయితే నూరిన గుళ్లు, నువ్వులు ఉన్న గుజ్జు పొయ్యి దించిన తరువాత కూడా చిక్కబడుతూనే ఉంటుంది కనుక, గీత నెమ్మదిగా పూడుకుపోయే దశలోనే దించి, పది నిమిషాలు ఆగి మళ్లీ చూడడం మంచిది. కూర ముందు, రొట్టె తరువాత అన్న క్రమాన్ని తప్పనివ్వకూడదు. చల్లారిన జొన్న రొట్టె గట్టిపడుతుంది, కూర మాత్రం ఆ కాస్త ఆగడం వల్ల రుచి పెంచుకుంటుంది.

పుల్కా విషయంలో చెప్పవలసింది తక్కువ. అది మడతపడుతుంది, గుజ్జును ఎత్తి పట్టుకుంటుంది, కనుక నూనె తగ్గించవచ్చు. గోధుమ పుల్కాతో ఈ కూర పులుపు నాకు కొంచెం ఎక్కువగా తోచింది. చింతపండు నాలుగో వంతు తగ్గించి, చిన్న బెల్లం ముక్క వేసినప్పుడు కుదిరింది.

అన్నంతో లెక్క పూర్తిగా వేరు. మనం అన్నాన్ని ఉప్పు లేకుండా వండుతాం, ఒక గరిటె కూరను దానికి రెండు మూడింతల అన్నంలో కలుపుతాం. రొట్టెతో సరిగ్గా ఉన్న ఉప్పు, పులుపు అంత అన్నంలోకి విస్తరించేసరికి పలచబడి, కూర చప్పగా తోస్తుంది. గుజ్జు చిక్కగా ఉంటే మెతుకులకు సమంగా పట్టదు, ముద్దలు ముద్దలుగా నిలుస్తుంది. అందువల్ల నీరు ఒకటిన్నర గ్లాసులకు, ఉప్పు ఒకటింపావు చెంచాకు పెంచి, చింతపండు పులుసు మరో రెండు చెంచాలు కలిపి, నూనె పైకి తేలే వరకు మరిగిస్తున్నాను. రుచి చూడవలసిన పద్ధతి కూడా మారాలి. కూరను విడిగా నాలుక మీద వేసుకుంటే ఉప్పు కొంచెం ఎక్కువనిపించాలి; ఒక చిన్న ముద్ద అన్నంలో కలిపి చూసిన తరువాతే తుది నిర్ణయానికి రావాలి. పాత బియ్యమైతే మెతుకు విడివిడిగా నిలిచి గుజ్జును తీసుకుంటుంది. కొత్త బియ్యం అన్నం ముద్దకడుతుంది కనుక దానికి కూరను ఇంకాస్త పలచగా ఉంచుతున్నాను.

బగారా అన్నం మాత్రం ఈ లెక్కకు లొంగదు. అందులో ముందే ఉప్పు, మసాలా, నెయ్యి లేదా నూనె ఉంటాయి. దానితో వడ్డించే కూర పోయడానికి వీలైనంత పలచగా ఉండాలి కాని, ఉప్పు పెంచకూడదు. హైదరాబాదులో బిర్యానీ పక్కన వడ్డించే మిర్చీ కా సాలన్‌కు కూడా ఆధారం ఇదే వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, చింతపండు మసాలా; అక్కడ పులుపు చేసే పని అన్నంలోని కొవ్వు బరువును తేలిక చేయడం.

పక్క వంటకాల ఎంపికకు నేను పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే: ఈ కూరలో లేనిది ఏమిటి? గుత్తి వంకాయలో నూనె ఉంది, పులుపు ఉంది, గుళ్ల కమ్మదనం ఉంది, అంతా మెత్తగా ఉంది. లేనివి కరకర, పచ్చిదనం, చల్లదనం. కాబట్టి జొన్న రొట్టె పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు, గట్టి పెరుగు ఉంటే చాలు. పల్లీ పచ్చడి విడిగా ఎంత బాగున్నా ఇక్కడ ఉన్న రుచినే రెట్టిస్తుంది కనుక దాన్ని తీసివేశాను. అన్నం భోజనంలో చింతపండు వేయని ముద్దపప్పు, నెయ్యి ముందు వడ్డించి, ఆ తరువాత ఈ కూర, పక్కన గుమ్మడి వడియాలు, చివర పెరుగన్నం అన్న వరుస నాకు అన్నిటికంటే నచ్చింది. కూరలోనే పులుసు అంశం ఉంది కనుక ఆ రోజు చారు పెట్టడం లేదు. పెట్టి చూసినప్పుడు రెండు పులుపులు వెంటవెంటనే తగిలి, రెండోది అనవసరమనిపించింది. బగారా అన్నానికి ఉల్లిపాయ వేసిన పెరుగు చట్నీ సరిపోతుంది, పప్పు అవసరం లేదు.

మిగిలిన కూర మరునాటికి బాగా గట్టిపడుతుంది. అది జొన్న రొట్టెకు దాదాపు అలాగే పనికివస్తుంది. అన్నానికైతే అర గ్లాసు వేడినీరు పోసి, నూనె మళ్లీ పైకి తేలే వరకు సన్నని సెగ మీద మరిగించి, ఉప్పును తిరిగి అన్నంలో కలిపి చూసుకోవాలి.